తవుడు మూటకు మైనస్ గుర్తు

తిరుపతి



పోయిన ఉత్తరం చివర ఇచ్చిన దాణా లెక్కకు మీ జవాబులు అందాయి. పలమనేరు, మదనపల్లె, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి ఎక్కువగా వచ్చాయి. రాసినవాళ్లలో డిగ్రీ పిల్లలు చాలామంది, ఎంబీఏ చదివేవాళ్లు కొందరు, ఆవులు పెట్టుకున్న రైతులూ ఉన్నారు. అందరికీ ఇచ్చింది ఒకటే లెక్క. మూట ఖర్చు మాత్రం ఒకరికి రూ. 2,500, ఒకరికి రూ. 1,900, ఇంకొకరికి రూ. 2,160 వచ్చింది. ఒకాయనకైతే ఖర్చు సున్నా దాటి కిందికి పోతూనే ఉందట, ఎక్కడ ఆపాలో చెప్పమని అడిగాడు.

అన్నీ కూర్చుని చూశాను. గుణకారంలోగానీ, గ్రాఫు గీయడంలోగానీ, సింప్లెక్స్ పట్టికలోగానీ తప్పులు దాదాపు లేవు. తేడా అంతా మొదటి అర పేజీలోనే వచ్చింది. మాటల్లో ఉన్న షరతును అసమీకరణంగా మార్చేచోట గుర్తు తిరగబడింది, లేదా ఒక వరస రాయడం మరిచారు. అక్కడ తప్పితే తర్వాత పది పేజీలు ఎంత శుభ్రంగా చేసినా అది వేరే లెక్కకు జవాబే అవుతుంది. అందుకని ఈసారి ఉత్తరమంతా ఆ అర పేజీ గురించే.

లెక్కలో మూడు భాగాలున్నాయి. మొదటి భాగాన్ని మళ్లీ చెబుతాను. వంద కిలోల దాణా కలపాలి. సరుకులు మూడు: మొక్కజొన్న, వేరుశనగ చెక్క, నూనె తీసిన తవుడు. మొక్కజొన్నలో ప్రోటీన్ 10 శాతం, పీచు 2 శాతం. చెక్కలో ప్రోటీన్ 40, పీచు 10. తవుడులో ప్రోటీన్ 15, పీచు 18. కిలో ధరలు వరసగా రూ. 24, రూ. 44, రూ. 16. ఇవన్నీ లెక్క తేలిగ్గా తేలడానికి గుండ్రం చేసిన అంకెలు, అంగట్లో సరుకు ఇంత కచ్చితంగా ఉండదు. షరతులు మాత్రం నిజమైనవే. పశువుల దాణాకు భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 2052 ప్రకారం రెండో రకం దాణాలో ముడి ప్రోటీన్ కనీసం 20 శాతం ఉండాలి, ముడి పీచు 12 శాతానికి మించకూడదు. ఈ రెండూ నిలబెడుతూ ఖర్చు తగ్గించాలి.

మొక్కజొన్న x కిలోలు, చెక్క y, తవుడు z అనుకుంటే సరైన రూపం ఇది:

```
కనిష్ఠం:   24x + 44y + 16z
మొత్తం:     x + y + z = 100
ప్రోటీన్:   10x + 40y + 15z >= 2000
పీచు:       2x + 10y + 18z <= 1200
           x, y, z >= 0
```

దీని జవాబు మొక్కజొన్న 25, చెక్క 25, తవుడు 50 కిలోలు. ఖర్చు రూ. 2,500. ప్రోటీన్ సరిగ్గా 20 శాతం, పీచు సరిగ్గా 12 శాతం.

ఇప్పుడు రూ. 1,900 దగ్గరికి వద్దాం. ఆ జవాబు పంపినవాళ్లలో దాదాపు అందరూ ప్రోటీన్ వరసలో గుర్తు తిప్పి, 2000కు తక్కువ లేదా సమానం అని రాశారు. ఎందుకు రాశారో వాళ్ల కాగితాల్లోనే కనిపిస్తోంది. చాలామంది షరతును తమ మాటల్లో "20 శాతానికి తక్కువ కాకూడదు" అని రాసుకుని, 'తక్కువ' కింద గీత పెట్టుకుని, పక్కనే తక్కువ గుర్తు వేశారు. వెనకున్న 'కాకూడదు' గీత కిందికి రాలేదు. ఇంగ్లీషు మీడియం పిల్లలదీ ఇదే కథ. 'ఎట్ లీస్ట్' అన్నచోట 'లీస్ట్' ఒక్కటే కంటికి ఆనింది. పీచు వరసలో 'మించకూడదు' ఉంది కదా, దాంట్లోని 'మించు'ను పట్టుకుని పెద్ద గుర్తు వేసినవాళ్లూ ఉన్నారు. మాటలో ఒక ముక్కను పట్టుకుని గుర్తు వేసే అలవాటు తరగతిలో మనమే నేర్పుతున్నామేమోనని నాకు అనుమానం. 'కనీసం అంటే ఇది, గరిష్ఠం అంటే అది' అని పట్టిక రాయించి బట్టీ పట్టిస్తే, ఆ పట్టికలో లేని వాక్యం ఎదురైనప్పుడు పిల్లలు ఇంకేం చేస్తారు?

గుర్తు తిప్పిన లెక్కకు జవాబు రాకపోతే బాగుండేది. కానీ వస్తుంది, అదీ చాలా మర్యాదగా వస్తుంది: మొక్కజొన్న 37.5 కిలోలు, తవుడు 62.5, చెక్క సున్నా. ఖర్చు రూ. 1,900. మైనస్ అంకెలు లేవు, మొత్తం వందకు సరిపోయింది, పీచు 12 శాతం దగ్గరే ఆగింది. పైగా చవక. ప్రోటీన్ ఎంతో వెనక్కి వెళ్లి లెక్క కడితే 13 శాతం చిల్లర. ఈ దాణా తిన్న ఆవు పాలు తగ్గించే వరకు ఈ తప్పు ఎవరికీ తెలియదు. పీచు గుర్తు తిప్పినవాళ్లకు రూ. 2,160 వచ్చింది: చెక్క 20, తవుడు 80, మొక్కజొన్న లేదు. ప్రోటీన్ సరిగ్గా 20 శాతమే ఉంది, పీచు మాత్రం 16.4 శాతానికి ఎక్కింది.

దీన్ని ఎలా పట్టుకోవాలి? నేను పిల్లలకు చెప్పేది ఒక్కటే పద్ధతి. గుర్తు వేశాక, లెక్క చేసే ముందు, మంచిదో చెడ్డదో మీకు ముందే తెలిసిన మూట ఒకటి తీసుకుని ఆ వరసలో పెట్టి చూడండి. మూటంతా తవుడే అనుకోండి. ప్రోటీన్ 15 శాతమే కాబట్టి అది ప్రోటీన్ షరతులో నెగ్గకూడదు. పీచు 18 కాబట్టి పీచు షరతులోనూ నెగ్గకూడదు. తిప్పిన ప్రోటీన్ వరసలో 100 కిలోల తవుడు పెడితే 1500, అది 2000కు తక్కువ, కాబట్టి నెగ్గిపోతుంది. దొరికిపోయింది! తర్వాత మూటంతా చెక్కే అనుకోండి. ఖర్చు ఎక్కువే, రూ. 4,400. కానీ ప్రోటీన్ 40, పీచు 10, రెండు షరతులూ దాన్ని ఒప్పుకోవాలి. పీచు గుర్తు తిప్పినవాళ్ల లెక్క ఈ మంచి మూటను తిప్పికొడుతుంది. ఒక చెడ్డ మూట, ఒక మంచి మూట చాలు. రెండూ పెట్టి చూడటానికి నిమిషం పట్టదు.

జవాబు వచ్చాక చేయగల పరీక్ష కూడా ఒకటుంది. షరతును కొంచెం బిగించి చూడండి. ప్రోటీన్‌ను 20 నుంచి 22కు పెంచితే సరైన లెక్కలో ఖర్చు సుమారు రూ. 2,675 అవుతుంది. ప్రోటీన్‌కు డబ్బు పడుతుంది కాబట్టి అది న్యాయం. తిప్పిన లెక్కలో 20 తీసి 22 పెట్టినా రూ. 1,900 కదలదు. ఖరీదైన షరతును బిగించినా ఖర్చు కదలలేదంటే ఆ వరసను ఒకసారి మళ్లీ చదవాలి.

కంప్యూటర్ మీద చేసినవాళ్లకు ఇంకో గోతి ఉంది. పైథాన్‌లో `scipy` వాళ్ల `linprog` అసమీకరణాలను ఒకే దిక్కులో, అంటే 'తక్కువ లేదా సమానం' రూపంలోనే తీసుకుంటుంది. ప్రోటీన్ వరసను రెండు వైపులా మైనస్‌తో గుణించి ఇవ్వాలి:

```
A_ub = [[-10, -40, -15],
        [  2,  10,  18]]
b_ub = [-2000, 1200]
```

కుడి వైపు ఒక్కదానికే మైనస్ వేస్తే ప్రోటీన్ మైనస్ 2000 కంటే తక్కువ ఉండాలని అడిగినట్టు. అది ఏ దాణాకూ కుదరదు, సాధ్యం కాదని యంత్రమే చెప్పేస్తుంది. ఎడమ వైపు ఒక్కదానికే మైనస్ వేస్తే తప్పు దాక్కుంటుంది. ఆ వరస ఎప్పుడూ నిజమే అవుతుంది, ప్రోటీన్ షరతు లెక్కలో ఉన్నట్టే ఉండి లేనట్టవుతుంది. మళ్లీ ఆ రూ. 1,900 జవాబే ప్రత్యక్షమవుతుంది. మదనపల్లె నుంచి కోడ్ పంపిన అబ్బాయి దగ్గర జరిగింది ఇదే.

ఇక రెండో భాగం. దాంట్లో ఒక షరతు కలిపాను: తవుడు, చెక్కకు రెట్టింపు మించకూడదు. చాలామంది 2z <= y అని రాశారు. వాక్యంలో తవుడు పక్కన 'రెట్టింపు' వినిపించింది కాబట్టి రెండును z పక్కనే పెట్టారు. సరైనది z <= 2y. ఈ తడబాటు మన పిల్లలకే పరిమితం కాదు. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లెమెంట్, ఆయన తోటివాళ్లు 1980 ప్రాంతంలో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఒక చిన్న వాక్యం ఇచ్చారు: విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ప్రొఫెసర్లకు ఆరు రెట్లు, దీన్ని సమీకరణంగా రాయండి అన్నారు. మూడో వంతుకు పైగా తప్పు రాశారు, వాళ్లలో ఎక్కువమంది ఆరును విద్యార్థుల పక్కన పెట్టారు. అక్షరాన్ని సంఖ్యగా కాకుండా మనుషులకు పెట్టిన పేరులా చదవడం వల్ల ఇలా జరుగుతోందని వాళ్లు తేల్చారు. ఇక్కడ కూడా z అంటే 'తవుడు' కాదు, 'తవుడు ఎన్ని కిలోలు' అని. చెక్క 10 కిలోలుంటే తవుడు ఎంతవరకు పోవచ్చో నోటితో చెప్పండి. 20 వరకు. ఆ రెండు అంకెలను మీరు రాసిన వరసలో పెట్టండి. 2z <= y లో 40, పదికి తక్కువ కావాలి. కుదరదు.

మొదటి భాగంలో వచ్చిన 25, 25, 50 జవాబు ఈ కొత్త షరతును అంచు మీద నిలబెడుతుంది, ఖర్చు రూ. 2,500 అలాగే ఉంటుంది. తప్పుగా రాసినవాళ్లకు మాత్రం మొక్కజొన్న దాదాపు 54 కిలోలు, చెక్క 31, తవుడు 15 వచ్చి, మూట రూ. 2,892కు ఎక్కింది. ఈ తప్పు ముందరి దానికంటే మొండిది. దాణాలో లోపం లేదు, పీచు తక్కువ, ప్రోటీన్ సరిపోయింది, ఆవుకు ఇబ్బంది లేదు. మూటకు దాదాపు నాలుగు వందలు ఊరికే పోతున్నాయి. పరీక్షశాలలో ఏ పరీక్ష చేసినా ఇది బయటపడదు.

మూడో భాగం గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. x, y, z సున్నాకు తగ్గకూడదనే చివరి వరసను, అంటే ఋణేతర నిబంధనను, సగం మంది రాయలేదు. మొదటి భాగంలో దాన్ని రాయకపోయినా జవాబు మారదు. 25, 25, 50 అన్నీ సున్నాకు దూరంగానే ఉన్నాయి కదా. అందుకే ఆ వరస మార్కుల కోసం రాసే అలంకారమని చాలామందికి నమ్మకం. పరీక్షలో అరమార్కు పోతుంది, మళ్లీ రాయరు.

మూడో భాగంలో ధరలు మార్చాను. మొక్కజొన్న రూ. 14కు పడింది, తవుడు రూ. 22కు ఎక్కింది, చెక్క మాత్రం రూ. 44 దగ్గరే ఉంది. తవుడు ఇంత ప్రియమైతే ఎవరూ కొనరు. సరైన జవాబూ అదే చెబుతుంది: తవుడు సున్నా, మొక్కజొన్న మూడింట రెండు వంతులు, చెక్క ఒక వంతు, ఖర్చు రూ. 2,400. చివరి వరస లేకపోతే జవాబే రాదు. ఖర్చు సున్నా దాటి కిందికి పోతోందని పలమనేరు నుంచి రాసిన రైతు చూసింది దీన్నే. ఎక్సెల్ సాల్వర్‌లో చేస్తే తెర మీద `The Objective Cell values do not converge.` అని కనిపిస్తుంది.

లోపల జరుగుతున్నది చూస్తే నవ్వొస్తుంది. ఆరు కిలోల తవుడులో ఎంత ప్రోటీన్ ఉందో, ఐదు కిలోల మొక్కజొన్న, ఒక కిలో చెక్క కలిపితే అంతే ఉంటుంది. బరువూ అదే ఆరు కిలోలు. కాబట్టి మూటలోంచి ఆరు కిలోల తవుడు తీసేసి, ఐదు కిలోల మొక్కజొన్న, కిలో చెక్క వేస్తే మొత్తం వందే, ప్రోటీనూ మారదు, పీచు ఇంకా తగ్గుతుంది. తీసేసిన తవుడు ధర రూ. 132. వేసినవాటి ధర రూ. 114. ఒక్కో మార్పిడికి రూ. 18 మిగులుతుంది. తవుడు అయిపోయే వరకు ఇది మంచి బేరమే. కానీ సున్నా దగ్గర ఆగమని మనం చెప్పలేదు. లెక్క మూటలో లేని తవుడును తీస్తూనే ఉంటుంది: మైనస్ ఆరు, మైనస్ అరవై, మైనస్ ఆరు వేల కిలోలు. దాని దృష్టిలో z మైనస్ అంటే మనం తవుడు కొనడం లేదు, కిలో రూ. 22కు అమ్ముతున్నాం. ఎక్కడి నుంచి తెచ్చి అమ్ముతున్నామని అది అడగదు. ఆ రైతు కాగితం అడుగున "తవుడు అమ్ముకుంటే ఆవులెందుకు సారూ" అని రాశాడు. ఈ విడతలో నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం అది.

ఇక్కడ కంప్యూటర్ల అలవాట్లు కూడా గమనించాలి. ఎక్సెల్ సాల్వర్‌లో `Make Unconstrained Variables Non-Negative` అనే గడిలో టిక్కు ముందే పెట్టి ఉంటుంది. `linprog` కూడా మీరేమీ చెప్పకపోతే చలరాశులను సున్నా నుంచే మొదలుపెడుతుంది. `PuLP` అలా కాదు. మీరు చెప్పకపోతే మైనస్‌లోకి కూడా పోనిస్తుంది. అందులో ఇలా రాయాలి:

```
z = LpVariable("z", lowBound=0)
```

ఒక సాఫ్ట్‌వేర్‌లో సరైన జవాబిచ్చిన లెక్క ఇంకోదాంట్లో పాడైందంటే మొదట అనుమానించాల్సింది ఈ గడినే. ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రతి చలరాశికీ సున్నా అడుగు పెట్టాలని లేదు. నెల చివర చేతిలో మిగిలే డబ్బు అనే చలరాశి అప్పు వల్ల మైనస్‌కు పోవచ్చు. గుడ్డిగా సున్నా పెడితే అదీ తప్పే. తవుడుకు పెట్టాలి, ఎందుకంటే దాణా మూటలో మైనస్ కిలోలు పట్టవు.

రాయని షరతు ఏం చేస్తుందో చెప్పేటప్పుడు నేను సింప్లెక్స్ పద్ధతిని 1947లో కనిపెట్టిన జార్జ్ డాంట్‌జిగ్ కథే చెబుతాను. ఆయన 1950ల్లో బరువు తగ్గాలనుకున్నాడు. ఏం తినాలో తన పద్ధతితోనే కంప్యూటర్‌ను అడిగాడు. కడుపు నిండినట్టుండాలి, కేలరీలు హద్దులో ఉండాలి. నీటి బరువు తీసేసి మిగిలిన ఆహారం బరువు ఎక్కువగా ఉంటే కడుపు నిండినట్టేనని లెక్క వేశాడు. రోజుకు 500 గ్యాలన్ల వెనిగర్ తాగమని జవాబొచ్చింది. పట్టికలో వెనిగర్‌లో నీరు లేనట్టు రాసి ఉంది మరి. వెనిగర్ తీసేశాడు. ఈసారి రోజుకు 200 సూప్ బిళ్లలు తినమంది. ఉప్పుకు పై హద్దు ఎవరూ రాయలేదు. ఆయన కొన్ని బిళ్లలు వేడినీళ్లలో కలిపి నోట్లో పోసుకుని వెంటనే ఉమ్మేశాడట. ఆ తర్వాత బిళ్లలకు మూడు హద్దు పెట్టాడు. దాని తర్వాత వచ్చిన జవాబులో కిలోకు కాస్త తక్కువ పొట్టు ఉంది. మన తవుడుకు అది చుట్టమే అనుకోండి! ఇక్కడ గుర్తు ఒక్కటీ తిరగబడలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన విషయాన్ని, ఉప్పు ఇంతకు మించి తినలేమనేదాన్ని, కాగితం మీద ఎవరూ పెట్టలేదు, అంతే. మన దాణా లెక్కలోనూ అలాంటివి ఉన్నాయి. వేరుశనగ చెక్కకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ చేరే ప్రమాదముందని, ఉప్పు, ఖనిజ లవణాలు కూడా కలపాలని మన రైతులకు తెలుసు. నా లెక్కలో అవి లేవు. వాటిని కూడా వరసలుగా రాసి పంపినవాళ్లు ఇద్దరున్నారు, ఇద్దరూ పాడి ఉన్నవాళ్లే.

ఈసారి మీకు కొత్త లెక్క ఇవ్వడం లేదు. పుత్తూరు నుంచి ఒకమ్మాయి పంపిన జవాబును మీ ముందు పెడుతున్నాను. ఆమె మొదటి భాగంలో ప్రోటీన్, పీచు, సున్నా వరసలన్నీ సరిగ్గానే రాసింది. మొత్తం దగ్గర మాత్రం x + y + z = 100 బదులు x + y + z <= 100 అని రాసింది. వంద కిలోల గోతంలో వందకు మించి పట్టదు కదా అని పక్కన కారణం కూడా రాసింది. ఆమెకు వచ్చినది చెక్క 31.6 కిలోలు, తవుడు 49.1, మొక్కజొన్న సున్నా, ఖర్చు సుమారు రూ. 2,175. మూట బరువు 81 కిలోలు కూడా లేదు. ఆ మూటలో పీచు ఎంత శాతం ఉందో కట్టి చూడండి. అది 12 ఎందుకు దాటిందో, పీచు వరసను ఎలా తిరగరాస్తే మూట ఎంత బరువున్నా నిలబడుతుందో రాసి పంపండి.

ఇట్లు,
మీ లెక్కల అయ్యవారు